రౌటర్ పోర్టు వేగం ఎంత ఉండాలి? బ్రాడ్‌బ్యాండ్ ప్లానుకు తగిన ఎంపిక ఏది, 2.5 గిగాబిట్ పోర్టు ఎవరికి అవసరం?

న్యూఢిల్లీ: 300 ఎంబీపీఎస్ ప్లానుకు నెలనెలా డబ్బు చెల్లిస్తున్న ఇంట్లో వేగ పరీక్ష ఎప్పుడు చేసినా అంకె 94 దగ్గరే ఆగిపోతుంటుంది. రాత్రి తొమ్మిది గంటలకైనా, తెల్లవారుజామున నాలుగు గంటలకైనా అదే అంకె. ఫిర్యాదు చేస్తే లైన్‌లో లోపం లేదని జవాబు వస్తుంది. కొత్త రౌటర్ కొనమని దుకాణదారు సలహా ఇస్తాడు. ఈ మధ్య ఆ సలహాకు మరొక మాట తోడైంది: ‘2.5 గిగాబిట్ పోర్టు ఉన్నది తీసుకోండి, ఇక చూసుకోనక్కర్లేదు’ అని.

చాలా ఇళ్లలో ఈ సలహా వల్ల ఖర్చే తప్ప ప్రయోజనం ఉండదు. 94 అనే అంకె రద్దీకి గుర్తు కాదు. రద్దీ వల్ల తగ్గే వేగం గంట గంటకూ మారుతుంది. ఎన్నిసార్లు పరీక్షించినా 94 లేదా 95 దగ్గర గోడలా నిలిచిపోతే, దారిలో ఎక్కడో ఒకచోట 100 ఎంబీపీఎస్ పోర్టో, 100కు పడిపోయిన కేబులో ఉందని అర్థం. దాన్ని కనిపెట్టకుండా ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా అంకె మారదు.

ఢిల్లీ, నోయిడా, గాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్ ప్రాంతాల్లో ఈ సమస్య తరచుగా ఎదురవడానికి కారణం ఉంది. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ వాణిజ్య ప్లాన్లు ప్రారంభించింది. అదే నెలలో ఎయిర్‌టెల్ 3,999 రూపాయలకు 1 జీబీపీఎస్ ప్లాను ప్రకటించింది. ఆ పోటీలో 100 నుంచి 300 ఎంబీపీఎస్ వరకు వేగం సాధారణ గృహాలకు అందుబాటులోకి వచ్చింది. ప్లాన్లు మారాయి గానీ, పాత రౌటర్లు, గోడల లోపలి పాత కేబుళ్లు మాత్రం చాలా ఇళ్లలో అలాగే ఉండిపోయాయి.

వేగాన్ని నిర్ణయించేది అన్నిటికన్నా నెమ్మదైన పోర్టు

ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చి మొదట ఓఎన్‌టీ అనే చిన్న పెట్టెలో ముగుస్తుంది. కాంతి సంకేతాలను విద్యుత్ సంకేతాలుగా మార్చేది ఈ పెట్టే. అక్కడి నుంచి ఒక కేబుల్ రౌటర్‌లోని ‘వ్యాన్’ పోర్టుకు వెళుతుంది. రౌటర్ నుంచి ‘ల్యాన్’ పోర్టుల ద్వారా కంప్యూటర్, టీవీ వంటి వాటికి, వైఫై ద్వారా ఫోన్లకు ఇంటర్నెట్ అందుతుంది. కొన్ని కంపెనీలు ఓఎన్‌టీనీ రౌటర్‌నూ ఒకే పెట్టెలో అమర్చి ఇస్తాయి. ఢిల్లీ పరిసరాల్లోని చిన్న కేబుల్ ఆపరేటర్లు కొందరు ఫైబర్‌ను భవనం వరకే తెచ్చి, అక్కడి నుంచి ఫ్లాటుకు మామూలు నెట్‌వర్క్ కేబుల్ లాగుతారు.

ఏ పద్ధతిలోనైనా సూత్రం ఒక్కటే. కేబుల్‌కు రెండు చివర్లా ఉన్న పోర్టులు కలిసిన మరుక్షణం తమలో తాము సంప్రదించుకుని, రెండింటికీ సాధ్యమైన గరిష్ఠ వేగాన్ని ఎంచుకుంటాయి. ఒక చివర 2.5 గిగాబిట్ పోర్టు, మరో చివర 1 గిగాబిట్ పోర్టు ఉంటే ఆ బంధం 1 గిగాబిట్ వద్దే కుదురుతుంది. ఒక చివర 100 ఎంబీపీఎస్ పోర్టు ఉంటే 100 వద్దే ఆగుతుంది.

పోర్టుపై రాసిన వేగం మొత్తం వినియోగదారుకు దక్కదు. ప్రతి డేటా ప్యాకెట్‌కు చిరునామా, తనిఖీ సమాచారం, ప్యాకెట్ల మధ్య విరామం అవసరం. వీటికి సుమారు 5 నుంచి 6 శాతం పోతుంది. అందుకే 100 ఎంబీపీఎస్ పోర్టు వేగ పరీక్షలో 94 వరకు, 1 గిగాబిట్ పోర్టు 940 వరకు, 2.5 గిగాబిట్ పోర్టు 2,350 వరకు మాత్రమే చూపుతాయి. ఈ మూడు అంకెలను గుర్తుంచుకుంటే చాలు, లోపం ఎక్కడుందో సగం తెలిసినట్లే.

ప్లానుతో పోల్చి చూస్తే లెక్క సులభం. 40 లేదా 50 ఎంబీపీఎస్ ప్లానుకు 100 ఎంబీపీఎస్ పోర్టు సరిపోతుంది. 100 ఎంబీపీఎస్ ప్లాను ఉన్నవారు అదే పోర్టు వల్ల నష్టపోయేది ఐదారు ఎంబీపీఎస్ మాత్రమే. కేవలం దానికోసం రౌటర్ మార్చనక్కర్లేదు. 150 నుంచి 1,000 ఎంబీపీఎస్ వరకు ఏ ప్లానుకైనా గిగాబిట్ పోర్టు తప్పనిసరి, అదే సరిపోతుంది కూడా. 2.5 గిగాబిట్ ప్రశ్న తలెత్తేది ఆ పైనే. ఢిల్లీ పరిసరాల్లో గృహాలకు ప్రధాన కంపెనీలు విరివిగా ప్రచారం చేసే ప్లాన్లు 1 జీబీపీఎస్ దగ్గరే ముగుస్తున్నాయి.

నోయిడా ఫ్లాటు ఉదాహరణ: 300 కట్టి 94 పొందడం

నోయిడాలోని బహుళ అంతస్తుల సముదాయాల్లో తరచుగా కనిపించే ఒక ఏర్పాటును ఉదాహరణగా తీసుకుందాం. మూడు పడకగదుల ఫ్లాటు. ఓఎన్‌టీ పెట్టె గుమ్మం పక్కన ఉన్న విద్యుత్ పెట్టెలో ఉంది. బిల్డర్ గోడ లోపల వేసిన కేబుల్ అక్కడి నుంచి హాలులోని సాకెట్‌కు వస్తుంది. రౌటర్‌ను హాలులో పెట్టారు. ప్లాను 300 ఎంబీపీఎస్. ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ పరీక్ష 94 మాత్రమే చూపుతోంది.

మొదటి పని, వైఫైని పక్కన పెట్టడం. ల్యాప్‌టాప్‌ను హాలులోని రౌటర్ ల్యాన్ పోర్టుకు కేబుల్‌తో కలిపి పరీక్షించాలి. అప్పుడూ 94 వస్తే వైఫైది తప్పు కాదు. రెండో పని, ఆ ల్యాప్‌టాప్ ఏ వేగంతో కలిసిందో చూడడం. విండోస్ కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి కింది ఆదేశం ఇస్తే, `LinkSpeed` అనే వరుసలో 1 Gbps లేదా 100 Mbps అని కనిపిస్తుంది.

```
Get-NetAdapter
```

ఈ ఉదాహరణలో 1 Gbps అని వచ్చింది. అంటే ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య లోపం లేదు. ఇక మిగిలింది రౌటర్‌కూ ఓఎన్‌టీకీ మధ్య ఉన్న దారి. మూడో పనిగా ల్యాప్‌టాప్‌ను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, చిన్న కేబుల్‌తో నేరుగా ఓఎన్‌టీకి కలిపితే 300 పూర్తిగా వచ్చింది. లైను బాగుంది, ప్లాను అందుతోంది. నాలుగో పనిగా అదే ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు బదులు హాలులోని గోడ సాకెట్‌కు కలిపితే మళ్లీ 94 వచ్చింది. పవర్‌షెల్ ఈసారి 100 Mbps అని చూపింది. రౌటర్ దారిలో లేకపోయినా వేగం పడిపోయింది కనుక దోషం గోడలోని కేబుల్‌దే.

సాకెట్ విప్పితే కారణం కళ్లకు కనిపిస్తుంది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఒకే కేబుల్‌తో రెండు పనులు జరుపుకోవాలనుకున్న ఎలక్ట్రీషియన్, రెండు జతలను ఇంటర్నెట్ సాకెట్‌కూ, మిగిలిన వాటిలో ఒక జతను పక్కనున్న ల్యాండ్‌లైన్ ఫోన్ సాకెట్‌కూ మళ్లించాడు. ఫోన్లూ, పాత 50 ఎంబీపీఎస్ ప్లానూ ఉన్న రోజుల్లో అది ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ప్లాను 300కు మారాకే ఆ పొదుపు బయటపడింది.

ఫోన్ సాకెట్ వాడుకలో లేకపోతే పరిష్కారం చౌకే. రెండు చివర్లా ఎనిమిది తీగలనూ ఒకే రంగుల క్రమంలో కొత్త సాకెట్లకు బిగిస్తే బంధం 1 గిగాబిట్‌కు చేరుతుంది. ఆ తీగలు ఇంటర్‌కామ్‌కు అవసరమైతే కొత్త కేబుల్ లాగించాలి, లేదా రౌటర్‌ను ఓఎన్‌టీ పక్కకే మార్చాలి. గమనించవలసింది ఏమిటంటే, ఈ ఇంటివారు పరీక్ష చేయకుండా 2.5 గిగాబిట్ రౌటర్ కొని ఉంటే దానిలోనూ 94 మాత్రమే వచ్చేది.

అన్ని ఇళ్లలో దోషం గోడలోనే ఉండదు. కొన్ని ఓఎన్‌టీ పెట్టెల్లో ఒక పోర్టు మాత్రమే గిగాబిట్, మిగిలినవి 100 ఎంబీపీఎస్. వాటి పక్కన ‘జీఈ’, ‘ఎఫ్‌ఈ’ అనే గుర్తులుంటాయి. కేబుల్ ఎఫ్‌ఈలో ఉంటే దాన్ని జీఈలోకి మార్చడమే మొత్తం మరమ్మతు. ఇంకొన్ని చోట్ల మంచాల కింద నలిగిన కేబుల్‌లో ఒక తీగ తెగిపోతుంది. అప్పుడు ఇంటర్నెట్ ఆగదు, వేగం నిశ్శబ్దంగా 100కు దిగిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పరీక్షకు వాడే సాధనం కూడా తప్పుదారి పట్టించగలదు. సన్నని ల్యాప్‌టాప్‌లకు నెట్‌వర్క్ పోర్టు ఉండదు కనుక యూఎస్‌బీ అడాప్టర్ వాడతారు. చౌక అడాప్టర్లు చాలావరకు 100 ఎంబీపీఎస్‌వే. వాటితో పరీక్షిస్తే దోషం లేని చోట కూడా 94 కనిపిస్తుంది. ముందుగా అడాప్టర్ గిగాబిట్‌దని నిర్ధారించుకోవాలి.

డబ్బాపై అంకెలు చెప్పని సంగతి

రౌటర్ డబ్బాపై పెద్ద అక్షరాల్లో ఉండేది వైఫై వేగం, పోర్టు వేగం కాదు. ‘ఏసీ1200’ అంటే రెండు వైఫై బ్యాండుల సైద్ధాంతిక వేగాల కూడిక: ఒకదానిలో 300, మరొకదానిలో 867. టీపీ-లింక్ సంస్థ రౌటర్లలో ఆర్చర్ సి50, ఆర్చర్ సి6 రెండూ ఏసీ1200 పేరుతోనే భారత మార్కెట్‌లో అమ్ముడయ్యాయి. కానీ మొదటి దానిలో ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు, రెండో దానిలో ఉన్నవి గిగాబిట్ పోర్టులు. మొదటి దానిలో గాలిలో 867 సాధ్యమైనా, లోపలికి వచ్చే తలుపు 100దే.

కాబట్టి నెహ్రూ ప్లేస్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా చూడవలసిన వరుస ఒక్కటే. పోర్టుల వివరాల్లో ‘10/100’ అని ఉంటే అది 100 ఎంబీపీఎస్ రౌటర్. ‘10/100/1000’ అని ఉంటే గిగాబిట్. 150 ఎంబీపీఎస్‌కు మించిన ప్లాను ఉన్నవారికి మొదటి రకం ఎంత చౌకగా దొరికినా నష్టమే.

1 జీబీపీఎస్ ప్లానులో 500 వస్తే

గిగాబిట్ ప్లాను తీసుకున్నవారిలో కొందరికి పోర్టులు, కేబుళ్లు అన్నీ సరిగా ఉన్నా 400 నుంచి 600 మధ్యే వేగం వస్తుంది. ఇక్కడ అడ్డుపడేది పోర్టు కాదు, రౌటర్ లోపలి ప్రాసెసర్. ఇంట్లోని పరికరాలన్నీ ఒకే ఇంటర్నెట్ చిరునామాను పంచుకుంటాయి కనుక ప్రతి ప్యాకెట్ చిరునామాను రౌటర్ మార్చి పంపాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో ఈ పని మరింత పెరుగుతుంది. మంచి రౌటర్లు ఈ పనిని ప్రాసెసర్‌కు వదలకుండా ప్రత్యేక చిప్ భాగానికి అప్పగిస్తాయి. అయితే ట్రాఫిక్ ప్రాధాన్యం, పిల్లల వాడకంపై నియంత్రణ, వినియోగ గణాంకాల వంటి సదుపాయాలు ఆన్ చేస్తే కొన్ని రౌటర్లలో ఆ సత్వర మార్గం ఆగిపోయి, భారం ప్రాసెసర్‌పై పడుతుంది.

దీన్ని గుర్తించడం కష్టం కాదు. ఒకే రౌటర్‌కు కలిపిన రెండు కంప్యూటర్ల మధ్య ఫైలు పూర్తి వేగంతో వెళుతూ, ఇంటర్నెట్ మాత్రం 500 దగ్గర ఆగితే పైన చెప్పిన సదుపాయాలను ఆపి మళ్లీ పరీక్షించాలి. వేగం 900 దాటితే కారణం తేలిపోయినట్లే. అప్పుడు అవసరమయ్యేది మెరుగైన ప్రాసెసర్ ఉన్న రౌటర్. 2.5 గిగాబిట్ పోర్టు అనే గుర్తు దానికి హామీ కాదు.

వైఫై మీద ఆశలకూ హద్దు ఉంది. రెండు యాంటెనాలున్న సాధారణ వైఫై 6 ఫోన్ 80 మెగాహెర్ట్జ్ వెడల్పున రౌటర్‌తో 1,201 ఎంబీపీఎస్‌కు కలుస్తుంది. అది సంకేతాల వేగం. అదే గదిలో వాస్తవంగా దక్కేది అందులో సగం నుంచి మూడింట రెండు వంతులు. మధ్యలో ఇటుక గోడ వస్తే ఇంకా తగ్గుతుంది. ఈ ఫోను ఒక్కటే గిగాబిట్ పోర్టును నింపలేదు.

2.5 గిగాబిట్ ఎప్పుడు సార్థకం?

2.5, 5 గిగాబిట్ పోర్టుల ప్రమాణాన్ని ఐఈఈఈ 2016లో ఆమోదించింది. అప్పటికే భవనాల్లో వేసి ఉన్న కేబుళ్లను మార్చకుండా వేగం పెంచడమే దాని ఉద్దేశం. అందుకే 2.5 గిగాబిట్‌కు మామూలు క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు సరిపోతుంది. కేబుల్ మార్చమని ఎవరైనా చెబితే, ముందు దాని పైపొరపై ముద్రించిన రకాన్ని చూడడం మంచిది.

ఇంటర్నెట్ కోసం ఈ పోర్టు ఉపయోగపడాలంటే మూడు షరతులు ఒకేసారి నెరవేరాలి. ప్లాను 1 జీబీపీఎస్‌కు మించి ఉండాలి. ఓఎన్‌టీ పెట్టెలో 2.5 గిగాబిట్ పోర్టు ఉండాలి. రౌటర్‌లో వ్యాన్ వైపు కూడా అదే ఉండాలి. ఢిల్లీ ఇళ్లలోని ఓఎన్‌టీలలో గిగాబిట్ పోర్టులే సాధారణం. పెట్టెను వినియోగదారు తన ఇష్టానుసారం మార్చుకోవడమూ సులభం కాదు, ఎందుకంటే దాని క్రమసంఖ్య కంపెనీ పరికరంలో నమోదై ఉంటుంది. పైగా విరివిగా వాడే జీపాన్ సాంకేతికతలో ఒక ఫైబర్ మొత్తం సామర్థ్యమే సుమారు 2.5 జీబీపీఎస్. దాన్ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి.

ఒకే ఒక 2.5 గిగాబిట్ పోర్టు ఉన్న రౌటర్లలో మరో చిక్కు ఉంది. దాన్ని ఓఎన్‌టీకి కలిపితే ల్యాన్ వైపు మిగిలేవి గిగాబిట్ పోర్టులే. కేబుల్‌తో కలిపిన ఏ ఒక్క కంప్యూటర్‌కూ 940 దాటదు. నిజంగా 1 గిగాబిట్ దాటిన ప్లాను ఉన్నప్పుడు అనేక పరికరాలు కలిసి ఆ అదనపు వేగాన్ని పంచుకోగలవు. ఒకే కంప్యూటర్‌కు కావాలంటే అలాంటి పోర్టులు కనీసం రెండుండాలి, కంప్యూటర్‌లోనూ ఒకటుండాలి.

నెలవారీ పరిమితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ‘అన్‌లిమిటెడ్’ పేరుతో ఉన్న చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే వేగం బాగా తగ్గిస్తారు. 940 ఎంబీపీఎస్ వేగంతో ఆగకుండా డౌన్‌లోడ్ చేస్తే ఆ పరిమితి ఎనిమిది గంటల్లోపే ముగుస్తుంది. 2,350తో అయితే మూడు గంటలు కాస్త దాటుతుంది.

ఇంటి లోపలి పనుల విషయం వేరు. వీడియో సంపాదకులు, ఫొటోగ్రాఫర్లు పెద్ద ఫైళ్లను నెట్‌వర్క్ నిల్వ పెట్టెలో, అంటే న్యాస్‌లో ఉంచి కంప్యూటర్ నుంచి వాడతారు. ఆ రాకపోకలు ఇంటర్నెట్ దారిలో వెళ్లవు. 50 జీబీల వీడియోను 100 ఎంబీపీఎస్ పోర్టు మీదుగా కాపీ చేయడానికి సుమారు 71 నిమిషాలు, గిగాబిట్‌తో 7 నిమిషాలు, 2.5 గిగాబిట్‌తో 3 నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. రోజుకు పదిసార్లు ఈ పని చేసేవారికి ఆ తేడా విలువైనదే. అక్కడ కూడా తక్కువ ఖర్చు మార్గం ఉంది. రౌటర్‌ను అలాగే ఉంచి, న్యాస్‌నూ కంప్యూటర్‌నూ ఒక చిన్న 2.5 గిగాబిట్ స్విచ్‌కు కలిపితే సరిపోతుంది. అయితే న్యాస్‌లో ఒకే ఒక తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే దాని వేగమే 1.5 జీబీపీఎస్ పరిసరాల్లో ఆగుతుంది. పూర్తి ఫలితం ఎస్ఎస్‌డీ లేదా అనేక డిస్కులు ఉన్నప్పుడే.

మూడో సందర్భం, రెండు అంతస్తుల ఇళ్లలో ఒకటికి మించి వైఫై పెట్టెలను కేబుల్‌తో కలపడం. వాటి ద్వారా పై అంతస్తులోని పలు పరికరాలు న్యాస్‌ను ఒకేసారి వాడుతుంటే ఆ కేబుల్‌కు రెండు చివర్లా 2.5 గిగాబిట్ పోర్టులుండడం ప్రయోజనమే. 300 ఎంబీపీఎస్ ప్లానుతో సినిమాలు చూసే ఇంట్లో మాత్రం అది గోటితో పోయేదానికి గొడ్డలి వాడినట్లే.

కొనే ముందు చూసుకోవలసిన క్రమం

మొదట ప్లాను వేగం, తర్వాత ఓఎన్‌టీ పోర్టు గుర్తు, ఆపై గోడలోని కేబుల్, చివరగా రౌటర్ పోర్టుల వరుస చూసుకోవాలి. పరీక్ష 94 దగ్గర ఆగితే 100 పోర్టు లేదా తెగిన తీగ కోసం వెతకాలి. 1 జీబీపీఎస్ ప్లానులో 930 నుంచి 940 వస్తే అది లోపం కాదు, గిగాబిట్ పోర్టు ఇవ్వగలిగినదంతా ఇస్తోందని అర్థం. మధ్యలో ఎక్కడో తడబడుతుంటే వైఫైనో, రౌటర్ ప్రాసెసర్‌నో, రద్దీనో అనుమానించాలి.

కొత్త ఫ్లాటు కొనేవారు ఈ ప్రశ్నలను ముందే అడగవచ్చు. భవనాల్లోని డిజిటల్ సదుపాయాలకు రేటింగ్ ఇచ్చేందుకు ట్రాయ్ 2024 అక్టోబరులో నిబంధనలు జారీ చేసింది. గోడ పూత పూర్తికాకముందే ప్రతి సాకెట్‌లో ఎనిమిది తీగలూ బిగించారో లేదో చూడడానికి ఒక స్క్రూడ్రైవర్, రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత అదే తీగ కోసం గోడ పగలగొట్టవలసి వస్తుంది.